అవే మూడు పరమాణువులు, ఒకటి పేలుతుంది

నేలకేసి కొడితే టప్పుమని పేలే చిన్న కాగితపు పొట్లాలు ఉంటాయి కదా, వాటిలో ఇసుక రేణువులకు పట్టించేది రవ్వంత సిల్వర్ ఫల్మినేట్. సిల్వర్ సయనేట్‌లోనూ అవే పరమాణువులు, అంతే లెక్కన ఉంటాయి. అది మాత్రం అలా పేలదు. 1820లలో జర్మనీ రసాయనవేత్తలు లీబిగ్, వోలర్ చెరొకదాన్ని విశ్లేషించి ఒకే ఫలితం చెప్పేసరికి, ఎవరో లెక్క తప్పారనే అనుమానం వచ్చింది. ఎవరూ తప్పలేదు. తేడా అంతా పరమాణువుల వరసలో ఉంది. గిల్బర్ట్ లూయిస్ 1916లో చూపిన చుక్కల బొమ్మతో దాన్ని ఇప్పుడు కాగితం మీదే పట్టుకోవచ్చు.

ముందు సయనేట్ అయాన్, OCN⁻. బయటి కక్ష్యలో ఆక్సిజన్‌కు 6, కార్బన్‌కు 4, నైట్రోజన్‌కు 5 ఎలక్ట్రాన్లు, మొత్తం 15. రుణావేశం ఉంది కనుక ఇంకొకటి కలిపితే 16. విద్యార్థులు ఎక్కువగా మరిచిపోయేది ఈ ఒక్కటే. ఇక్కడ 15 అని బేసి సంఖ్య రాగానే అనుమానించాలి, జత లేకుండా ఒకటి మిగిలిపోతుంది.

కార్బన్‌ను మధ్యలో పెట్టి రెండు బంధాలు గీస్తే 4 ఎలక్ట్రాన్లు ఖర్చవుతాయి. మిగిలిన 12 చివరి పరమాణువులకు ఆరేసి ఇస్తే వాటికి ఎనిమిదేసి నిండుతాయి, కార్బన్‌కు మాత్రం నాలుగే. కాబట్టి చివరల నుంచి రెండు ఒంటరి జంటలను బంధాలుగా మార్చాలి. అది మూడు రకాలుగా కుదురుతుంది: O–C≡N, O=C=N, O≡C–N. మూడింటిలోనూ అందరికీ ఎనిమిది ఉన్నాయి. ఏది మేలో అష్టక నియమం చెప్పలేదు.

అక్కడ ఫార్మల్ ఆవేశం కావాలి. పరమాణువుకు సొంతంగా ఉండే బాహ్య ఎలక్ట్రాన్లలోంచి, దానిపై ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్లను, బంధాల సంఖ్యను తీసేయాలి. మొదటి బొమ్మలో ఆక్సిజన్‌కు 6 – 6 – 1 = –1, మిగతా రెండింటికీ సున్నా. రెండో దానిలో –1 నైట్రోజన్‌పై పడుతుంది. మూడో దానిలో ఆక్సిజన్‌కు +1, నైట్రోజన్‌కు –2. ప్రతిసారీ మొత్తం –1 రావాలి, రాకపోతే ఎక్కడో లెక్క తప్పినట్టే. మూడోది బాగా వెనకబడుతుంది. మొదటి రెండింటిలో, ఎలక్ట్రాన్లను ఎక్కువగా లాక్కునే ఆక్సిజన్‌పై రుణావేశం పెట్టిన మొదటిదే మెరుగు. అసలు అయాన్ మాత్రం ముఖ్యంగా ఈ రెండింటి మిశ్రమం.

ఇప్పుడు ఫల్మినేట్, CNO⁻. అవే 16 ఎలక్ట్రాన్లు, నైట్రోజన్ మధ్యకు వచ్చింది. ఉన్నవాటిలో మంచి బొమ్మ C≡N–O. ఇందులో కార్బన్‌కు –1, నైట్రోజన్‌కు +1, ఆక్సిజన్‌కు –1. బంధాలు ఎలా మార్చి గీసినా నైట్రోజన్ +1 పోదు. C=N=O గీస్తే కార్బన్‌పై –2 చేరుతుంది. సయనేట్‌లోలాగా ఆవేశాలు సర్దుకునే దారి ఇక్కడ లేదు.

ఈ అంకెలు ప్రయోగంలో కొలిచిన ఆవేశాలు కావు. బంధంలోని ఎలక్ట్రాన్లను చెరిసగం పంచామనుకుని వేసిన లెక్క మాత్రమే. ఏ అమరిక ఇబ్బందిలో ఉందో చెప్పగలవు గానీ, అది ఎంత గట్టిగా పేలుతుందో చెప్పలేవు.