మాస్టారు లేరు, గోడ ఉంది

ఉదయం ఆరున్నరకి ఫోన్ మోగింది. ‘మాస్టారూ, నూరేళ్లు చల్లగా ఉండాలి మీరు’ అని ఒక పాత శిష్యుడు. వెనకే ఇంకొకరు కేకు బొమ్మ, మరొకరు వెంకన్న బొమ్మ. మధ్యాహ్నానికి నలభై దాకా శుభాకాంక్షలు వచ్చిపడ్డాయి. మాస్టారు పోయి మూడు నెలలు దాటింది. పుట్టినరోజు సంగతి ఫేస్‌బుక్ అందరికీ గుర్తుచేసింది, పోయిన సంగతి దానికెవరూ చెప్పలేదు.

ఇది తెనాలిలో రిటైరైన ఒక లెక్కల మాస్టారి ఇల్లు అనుకుందాం. పెద్దమ్మాయి డల్లాస్‌లో, అబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మ ఊళ్లోనే. ఇలాంటి ఇళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. బ్యాంకు ఖాతా, పింఛను, గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరున మార్చాలో చెప్పేందుకు బంధువులు పది మంది ఉంటారు. ఫేస్‌బుక్ దగ్గరికొచ్చేసరికి అందరూ మొహాలు చూసుకుంటారు.

దారులు మూడు. ఖాతాను అలాగే వదిలేయడం, పూర్తిగా తీసేయించడం, స్మారక ఖాతాగా మార్చడం. వదిలేస్తే ఏటా పై సీన్ మళ్లీ నడుస్తుంది. పైగా పాస్‌వర్డ్ ఎవరికైనా చిక్కితే మాస్టారి పేరుతో ‘అర్జంటుగా పదివేలు పంపు నాయనా’ అనే మెసేజ్‌లు శిష్యులకు వెళ్లొచ్చు. తీసేయిస్తే ఆయన రాసిన పోస్టులు, పెట్టిన ఫొటోలు అన్నీ పోతాయి. ఎక్కువ మంది ఎంచుకునేది మూడోది. ఫేస్‌బుక్ ఈ ఏర్పాటు గురించి 2009లో అందరికీ చెప్పింది.

స్మారకంగా మారిన ఖాతాలో పేరు దగ్గర Remembering అన్న మాట వస్తుంది. పుట్టినరోజు గుర్తుచేయడం ఆగిపోతుంది. ‘ఈయన మీకు తెలుసేమో’ అంటూ కొత్తవాళ్లకు చూపించడమూ ఆగిపోతుంది. పాత పోస్టులు, ఎవరెవరికి కనిపించాలని ఆయన పెట్టుకున్నారో వాళ్లకు అలాగే కనిపిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇక ఆ ఖాతాలోకి ఎవరూ లాగిన్ కాలేరు. పాస్‌వర్డ్ తెలిసినా కుదరదు. చాలా కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే ఆ తాళం పడ్డాకే లోపల ఏం వదిలేశామో గుర్తొస్తుంది.

ఈ తాళం ఎంత గట్టిదో జర్మనీలో ఒక తల్లిదండ్రులకు తెలిసొచ్చింది. 2012లో బెర్లిన్‌లో పదిహేనేళ్ల అమ్మాయి భూగర్భ రైలు కింద పడి చనిపోయింది. అది ప్రమాదమా, ఆత్మహత్యా అన్నది తేలలేదు. కూతురి మెసేజ్‌లు చదివితే ఏమైనా తెలుస్తుందని తల్లి ప్రయత్నించింది. పాస్‌వర్డ్ ఆమె దగ్గరే ఉంది. కానీ అప్పటికే ఆ అమ్మాయి మరణాన్ని ఎవరో ఫేస్‌బుక్‌కి తెలిపారు, ఖాతా స్మారకమైపోయింది. మెసేజ్‌లు అవతలివాళ్ల ఆంతరంగిక విషయాలు కూడా కనుక చూపించం అంది కంపెనీ. ఆ వాదనలో పస లేకపోలేదు. మాస్టారికి ఏ శిష్యుడైనా తన ఇంటి గొడవ చెప్పుకుని ఉంటే అది మాస్టారి పిల్లలు చదువుతారని అనుకుని రాసి ఉండడు కదా. కేసు కింది కోర్టులో ఒక రకంగా, పై కోర్టులో ఇంకో రకంగా తేలి, చివరికి జర్మనీ సుప్రీంకోర్టు లాంటి ఫెడరల్ కోర్టుకు చేరింది. ఉత్తరాలు, డైరీలు వారసులకు ఎలా దక్కుతాయో ఖాతా కూడా అలాగే దక్కుతుందని 2018 జులైలో అది చెప్పింది. అప్పుడు కంపెనీ ఏం చేసిందో తెలుసా? పద్నాలుగు వేల పేజీలకు పైగా ఉన్న పీడీఎఫ్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి చేతికిచ్చింది. ఆ తల్లిదండ్రులు మళ్లీ కోర్టుకెక్కితే, 2020లో, ఇది చాలదు, ఆ అమ్మాయి చూసినట్టే ఖాతాను చూసే వీలుండాలని తీర్పు వచ్చింది. అమ్మాయి పోయిన ఎనిమిదేళ్లకు.

ఆ తీర్పు జర్మనీలోనే చెల్లుతుంది. మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తన తర్వాత తన డేటా హక్కులు ఎవరు చూసుకోవాలో మనిషి నామినీని పెట్టుకోవచ్చని 14వ సెక్షన్‌లో చెబుతోంది. అది బతికుండగా చేసుకోవాల్సిన పని. మాస్టారు చేయలేదు.

కాబట్టి తెనాలి ఇంట్లో పని వరస ఇలా ఉండాలి. మొదట సిమ్. మాస్టారి ఫోన్ నంబరుకు రీచార్జి ఆపకూడదు. ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. మన దేశంలో రద్దయిన నంబరును కనీసం తొంభై రోజులు ఆగి వేరొకరికి ఇచ్చేస్తారు. ఆ కొత్త మనిషి ఎవరో, ఎలాంటివాడో ఎవరికి తెలుసు? బ్యాంకు పనులు, ఖాతాల పనులు అన్నీ తేలేదాకా నంబరు బతికుండాలి.

రెండోది పేజీ సంగతి. మాస్టారు పాత విద్యార్థుల కోసం ఒక ఫేస్‌బుక్ పేజీ నడిపేవారు, దానికి అడ్మిన్ ఆయనొక్కరే. ఒక్కరే అడ్మిన్‌గా ఉన్న మనిషి ఖాతా స్మారకమైతే, ఆ పేజీని కూడా తీసేసే అవకాశం ఉంది. ఇరవై ఏళ్ల గ్రూప్ ఫొటోలు అందులో ఉంటే గోవిందా. బతికుండగా ఇంకొకరిని అడ్మిన్‌గా చేర్చుకోమని పెద్దవాళ్లకు చెప్పాల్సింది ఇందుకే. ఇక ఆయన ఫోన్‌లోంచే లోపలికెళ్లి ఫొటోలు దించుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఇంకొకరి ఖాతాలోకి వెళ్లకూడదన్నది ఫేస్‌బుక్ నియమం. అయినా తప్పనిసరై వెళ్లినవాళ్లు ఫొటోల దాకా ఆగి, ఇన్‌బాక్స్ తెరవకుండా ఉంటే మంచిది.

మూడోది కాగితం. స్మారకం చేయమని అడగాలంటే హెల్ప్ సెంటర్‌లో దానికొక ఫారం ఉంది. పోయిన తేదీ, ఖాతా లింకు, మరణానికి రుజువు అడుగుతారు. రుజువుగా మరణ ధ్రువీకరణ పత్రం, పత్రికలో వచ్చిన సంస్మరణ ప్రకటన, స్మారక కార్డు లాంటివి తీసుకుంటారు. ఖాతాను పూర్తిగా తీసేయమంటే మాత్రం దగ్గరి బంధువులే అడగాలి. మనవాళ్లకు చిక్కొచ్చేది పేరు దగ్గర. పంచాయతీ ఇచ్చిన పత్రంలో ఇంటిపేరు ముందుంటుంది, లేదా ఒట్టి పొడి అక్షరమే ఉంటుంది. ఫేస్‌బుక్‌లో మాస్టారు ‘లెక్కల మాస్టారు తెనాలి’ అని పెట్టుకున్నారు. రెండూ ఒకే మనిషివని దూరదేశంలో కూర్చున్న ఉద్యోగికి ఎలా తెలుస్తుంది? పత్రంలోని వివరాలు ఖాతాలోని వివరాలతో కలవాలి. పేరు కలవనప్పుడు పుట్టినతేదీ కలుస్తుందేమో చూసుకోవాలి. ఖాతా లింకు సరిగ్గా ఇవ్వడం మరీ ముఖ్యం, ఎందుకంటే అదే పేరుతో ఇంకో పదిమంది బతికే ఉంటారు. 2016 నవంబరులో ఫేస్‌బుక్ సాంకేతిక లోపం వల్ల బతికున్న ఎంతోమంది ప్రొఫైళ్ల మీద స్మారక సందేశం ప్రత్యక్షమైంది. వాళ్లలో కంపెనీ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ కూడా ఉన్నాడు. ఆయనకంటే చెప్పుకునే చోటుంది.

ఆఖరుగా, ఫారం నొక్కేముందు ఒక పోస్టు. మాటలు తడబడేది ఇక్కడే. మాస్టారి ఖాతాలోంచి ‘మా నాన్నగారు ఇక లేరు’ అని రాస్తే, ఆయన ఫొటో పక్కన ఆయన పేరుతోనే అది కనబడుతుంది. నిద్ర కళ్లతో ఫోన్ చూసినవాడు మాస్టారి నాన్నగారు పోయారనుకుంటాడు. అందుకని మొదటి వాక్యంలోనే రాస్తున్నదెవరో చెప్పాలి. అసలు అమ్మాయి తన ఖాతాలోంచి రాసి, నాన్నని ట్యాగ్ చేస్తే ఈ గందరగోళమే ఉండదు.

తెలుగులో చావుకి మాటలు కావలసినన్ని ఉన్నాయి, ప్రతిదానికీ ఒక రంగుంది. ‘పరమపదించారు’ అంటే వైష్ణవ వాసన, ‘శివైక్యం’ అంటే ఇంకో సంప్రదాయం, ‘ప్రభువునందు నిద్రించారు’ అంటే క్రైస్తవుల ఇల్లు. ఆ ఇంటికి ఏది నప్పితే అది. ఏదీ తోచకపోతే ‘కన్నుమూశారు’, ‘కాలం చేశారు’ ఎవరినీ నొప్పించవు. ‘తిరిగిరాని లోకాలకు తరలివెళ్లారు’ అనేది ఫ్లెక్సీల భాష, మాస్టారి గోడ మీద అతకదు. ‘ఆకస్మికంగా’ అన్న మాటతో జాగ్రత్త. అది పడిన మరుక్షణం ఏమైందంటూ వందమంది అడుగుతారు. చెప్పదలచుకోకపోతే ఆ మాటే వాడొద్దు. అమ్మాయి చివరికి ఇలా రాసింది అనుకుందాం:

‘నేను మాస్టారి పెద్దమ్మాయిని. నాన్న మార్చి 9 ఆదివారం తెల్లవారుజామున ఇంట్లోనే కన్నుమూశారు. అమ్మ, తమ్ముడు పక్కనే ఉన్నారు. ఈ గోడ మీద మీతో మాట్లాడటం ఆయనకు రోజూ కాఫీ లాంటిది. అందుకే దీన్ని తీసేయకుండా ఉంచుతున్నాం. ఇకపై ఇక్కడి నుంచి ఎవరూ జవాబివ్వరు. ఈ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. ఆయన మీకు లెక్క చెప్పిన రోజో, చెవి మెలేసిన రోజో గుర్తుంటే ఇక్కడ రాయండి. అమ్మకి చదివి వినిపిస్తాం.’

చివరి రెండు వాక్యాల వల్లే కింద ఒట్టి ‘ఓం శాంతి’లు కాకుండా కథలు వస్తాయి. దేన్ని గురించి రాయాలో తెలియక చేతులు కట్టుకున్నవాళ్లకు అదొక దారి. పుట్టినరోజు నాడు శుభాకాంక్షలు చెప్పిన పెద్దాయనకు మాత్రం విడిగా, నెమ్మదిగా చెప్పాలి: ‘బాబాయ్‌గారూ, మీ మెసేజ్ చూశాను. నాన్న వెళ్లిపోయి మూడు నెలలైంది. మీకు కబురు చేయలేకపోయాం, మన్నించండి. మీరు గుర్తుపెట్టుకున్నారని అమ్మకి చెప్పాను.’ ఆయన చేసింది తప్పన్న భావం ఇందులో ఎక్కడా రాకూడదు. గోడ మీద అందరి ముందూ సరిదిద్దితే పాపం ఆ పెద్దమనిషి తలెత్తుకోలేడు.

మిగతాచోట్ల ఇంత తతంగం లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో స్మారకం చేయించవచ్చు. ఎక్స్‌లో ఆ వసతి లేదు, కుటుంబం అడిగితే ఖాతా మూసేస్తారు. వాట్సాప్‌ను 120 రోజులు ఎవరూ వాడకపోతే ఖాతా దానంతటదే పోతుంది, కనుక గ్రూపుల్లోని ఫొటోలు ఆలోగా దాచుకోవాలి.

ఇదంతా అయ్యాక అమ్మాయి తెనాలి వచ్చినప్పుడు అమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో Accounts Center, అందులో Personal details, ఆ లోపల Account ownership and control, అక్కడ Memorialization. లెగసీ కాంటాక్ట్ అని ఒకరిని పెట్టుకోవచ్చు. ఖాతా స్మారకమయ్యాక వాళ్లు పైన కనబడేలా ఒక పోస్టు రాయగలరు, ప్రొఫైల్ ఫొటో మార్చగలరు, కొత్త ఫ్రెండ్ రిక్వెస్టులు చూడగలరు. మెసేజ్‌లు మాత్రం చదవలేరు. పోయాక వెనకవాళ్లు ఈ పేరు చేర్చలేరు. అక్కడే ఇంకో మీట కూడా ఉంది, పోయాక ఖాతా మొత్తం తీసేయమని.

“నిన్ను పెట్టనా అమ్మా, నన్ను పెట్టుకుంటావా?” అనడిగింది కూతురు తడబడుతూ.

అమ్మ కళ్లజోడు సర్దుకుని తెర వంక చూసింది. “నాన్నది ఉంచండి. నాది తీసేసే మీటే నొక్కు. నా ఫొటో కింద ఊరంతా చేతులు జోడించడం నాకొద్దు” అంది.