ఒక దీర్ఘం పోతే ప్రశ్న తీర్పవుతుంది

గణాంక శాస్త్రం చెప్పే అధ్యాపకులు తరచూ ఎత్తుకునే ఉదాహరణ ఒకటుంది. 1973లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పీజీ కోర్సులకు వచ్చిన దరఖాస్తులు లెక్కవేస్తే మగవాళ్ళలో 44 శాతం మందికి, ఆడవాళ్ళలో 35 శాతం మందికి ప్రవేశం దొరికినట్టు తేలింది. చూడగానే వివక్ష అనిపిస్తుంది. కానీ బికెల్, హామెల్, ఓకానెల్ అనే ముగ్గురు 1975లో ‘సైన్స్’ పత్రికలో ఈ అంకెలను విభాగాల వారీగా విడదీసి చూపించారు. విడివిడిగా చూస్తే చాలాచోట్ల ఆ తేడా నిలవలేదు. ఆడవాళ్ళు ఎక్కువమంది ప్రవేశం కష్టమైన విభాగాలకు దరఖాస్తు చేసుకోవడమే మొత్తం అంకెలో కనబడిన తేడాకు ప్రధాన కారణం.

ఇలాంటి పాఠాన్ని వీడియోలో విని, దాని కింద యంత్రం రాసిన క్యాప్షన్లను ముందేసుకుని, ‘ఈ అధ్యాపకుడి వాదన ఏమిటి’ అని సారాంశం రాయాలనుకునే విద్యార్థికి ఒక చిక్కు ఎదురవుతుంది. అక్కడ దొరికే పాఠంలో చాలాసార్లు చుక్క ఉండదు, కామా ఉండదు, ప్రశ్నార్థకం ఉండదు. మచ్చుకు ఈ ముప్పావు నిమిషం మాట చూడండి. ఇది ఏ ఒక్క వీడియో నుంచో ఎత్తి రాసింది కాదు. ఇలాంటి పాఠాల్లో దొర్లే తప్పులను ఒకచోట చేర్చి తయారుచేసిన నమూనా.

“మొత్తం చూస్తే మగవాళ్ళలో నలభై నాలుగు శాతం ఆడవాళ్ళలో ముప్పై ఐదు శాతం సీట్లు వచ్చాయి ఆ మరి ఇది వివక్ష అంతే కదా యూనివర్సిటీ ఆడవాళ్ళకి అన్యాయం చేసింది అని ఎవరైనా అంటారు డిపార్ట్‌మెంట్ల వారీగా చూడండి ఏ డిపార్ట్‌మెంట్‌లో మగవాళ్ళకి అరవై రెండు ఆడవాళ్ళకి అరవై రెండు కానీ మొత్తంలో తేడా వచ్చింది ఎక్కడి నుంచి వచ్చింది ఆడవాళ్ళు ఎక్కువగా సీటు కష్టమైన చోట అప్లై చేశారు దీన్నే సింసన్ పేర డాక్స్ అంటారు అంటే వివక్ష లేదని కాదు ఈ మొత్తం అంకె దాన్ని చూపించలేదు”

గబగబా చదివి సారాంశం రాస్తే ‘యూనివర్సిటీ వివక్ష చూపింది’ అని ఒకరు రాస్తారు, ‘వివక్ష లేదు’ అని ఇంకొకరు రాస్తారు. అధ్యాపకుడు ఈ రెండూ అనలేదు.

తప్పు యంత్రానిదే అనుకోవడం పూర్తిగా న్యాయం కాదు. యూట్యూబ్‌లో స్వయంచాలక క్యాప్షన్లను గూగుల్ 2009 నవంబరులో తెచ్చింది. మొదట ఇంగ్లీషులో వచ్చిన ఆ సౌకర్యం ముఖ్యంగా వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం. బొమ్మ చూస్తూ చదవాల్సిన పాఠం అది. మనిషి ముఖం, చేతి సైగ, బోర్డు మీది అంకె పక్కనే ఉంటాయి కాబట్టి విరామ చిహ్నాలు లేకపోయినా చాలావరకు నడిచిపోతుంది. క్యాప్షన్లను వీడియో నుంచి విడదీసి కాగితం మీద పెట్టినప్పుడే అసలు లోటు బయటపడుతుంది. చుక్కకూ కామాకూ శబ్దం లేదు. అవి గొంతు ఎత్తులోనూ, ఆగిన క్షణంలోనూ ఉంటాయి. ఏ శబ్దానికి ఏ పదం కుదురుతుందో వెతికే యంత్రానికి వాటిని పట్టుకోవడం వేరే పని. పైగా మనిషి వాక్యం ముగిసిందని ఆగుతాడు, మాట తట్టకా ఆగుతాడు.

శుభ్రం చేయడం మొదలుపెట్టే ముందు మూల ఫైలుకు ఒక నకలు తీసి, దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. క్యాప్షన్ ఫైలును నేరుగా దించుకుంటే అది చాలాసార్లు ఇలా కనిపిస్తుంది:

```
00:12:04.160 --> 00:12:06.870
మగవాళ్ళలో నలభై నాలుగు శాతం

00:12:06.870 --> 00:12:09.500
మగవాళ్ళలో నలభై నాలుగు శాతం
ఆడవాళ్ళలో ముప్పై ఐదు శాతం

00:12:09.500 --> 00:12:11.300
ఆడవాళ్ళలో ముప్పై ఐదు శాతం
సీట్లు వచ్చాయి
```

తెర మీద వరుసలు కిందినుంచి పైకి జరుగుతున్నట్టు కనిపించడానికి ప్రతి వరుసనూ రెండుసార్లు రాస్తారు. వెంటవెంటనే వచ్చే ఒకే వరుసల్లో ఒకదాన్నే ఉంచాలి. ఫైలంతా గాలించి ఎక్కడ ఒకే వరుస కనిపించినా తీసేయడం మాత్రం పొరపాటు. పన్నెండో నిమిషంలో అన్న మాటనే అధ్యాపకుడు నలభయ్యో నిమిషంలో మళ్ళీ అన్నాడంటే అది ఆయన వాదనకు ముఖ్యమని గుర్తు. సమయాలను కూడా అన్నీ తుడిచేయకూడదు. పేరాకు ఒకటి చొప్పున ఉంచుకుంటే, అనుమానం వచ్చినచోటికి వీడియోలో తిరిగి వెళ్ళడం సులువవుతుంది.

ఆ తర్వాత వాక్యాలు విడగొట్టాలి. ఇక్కడ తెలుగు కొంత సాయం చేస్తుంది. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. ‘వచ్చాయి’, ‘అంటారు’, ‘చూడండి’, ‘చేశారు’ కనబడినచోట చుక్క పెట్టుకుంటూ పోతే సగానికి పైగా పని అయిపోతుంది. అయితే ‘ఇది వివక్ష’ లాంటి క్రియ లేని వాక్యాలు ఈ వలకు చిక్కవు. నోటి మాటలో క్రియ తర్వాత కూడా ఒక ముక్క వచ్చి చేరుతుంది. ‘వచ్చాయి సీట్లు మగవాళ్ళకి’ అన్నప్పుడు ‘వచ్చాయి’ దగ్గర చుక్క పెడితే మిగిలిన రెండు మాటలు అనాథలవుతాయి.

తెలుగు ఇబ్బంది పెట్టేచోట్లు కూడా ఉన్నాయి, అవి సరిగ్గా వాదనకు ఆయువుపట్టులాంటి చోట్లే.

మొదటిది ప్రశ్న. తెలుగులో చాలా ప్రశ్నలు చివరి అచ్చును సాగదీయడంతోనే పుడతాయి. అధ్యాపకుడు ‘మరి ఇది వివక్షా?’ అన్నాడు. క్యాప్షన్‌లో దీర్ఘం రాలిపోయి ‘ఇది వివక్ష’ మిగిలింది. ఆయన అడిగిన ప్రశ్న ఆయనే ఇచ్చిన తీర్పయింది. ముందు ‘మరి’ ఉండటం, వెనుక ఎదుటివాళ్ళ మాట రావడం చూస్తే ఇక్కడ ప్రశ్న ఉండాలని అనుమానం కలగాలి. నిజం తేల్చేది మాత్రం చెవే. ఆ నాలుగు సెకన్లు వినాలి.

రెండోది ఎవరి మాట అన్నది. ఇంగ్లీషులో ‘వాళ్ళంటారు’ అనే ముక్క ముందొస్తుంది కాబట్టి ఎదుటివాళ్ళ మాట ఎక్కడ మొదలైందో తెలుస్తుంది, ఎక్కడ ముగిసిందో తెలియదు. తెలుగులో ‘అని’ చివర వస్తుంది. ముగింపు తెలుస్తుంది, మొదలు తెలియదు. నమూనాలో ‘అని ఎవరైనా అంటారు’ నుంచి వెనక్కి నడిస్తే ఎక్కడ ఆగాలి? ‘యూనివర్సిటీ’ దగ్గరా, ‘అంతే కదా’ దగ్గరా, ‘మొత్తం చూస్తే’ దగ్గరా? చివరిదాకా వెళ్తే 44, 35 శాతాలు కూడా ఎదుటివాళ్ళ ఆరోపణలో భాగమైపోతాయి. అవి అధ్యాపకుడు ఒప్పుకున్న అంకెలు. అందుకని ఉల్లేఖనం ‘అంతే కదా’ దగ్గర మొదలవుతుంది. గొంతు మారేది కూడా సాధారణంగా అలాంటిచోటే కాబట్టి విని ఖాయం చేసుకోవచ్చు. ఆ రెండు కొటేషన్ గుర్తులు పెట్టకపోతే అధ్యాపకుడు ఖండించబోయే మాట ఆయన సొంత మాటగా సారాంశంలోకి ఎక్కుతుంది.

మూడోది ‘లేదు’. ‘చూపించలేదు’ అన్న మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి. గతంలో చూపించలేదు అన్నది ఒకటి, చూపించే శక్తి లేదు అన్నది రెండోది. ‘ఈ మొత్తం అంకె దాన్ని చూపించలేదు’ అన్నప్పుడు అధ్యాపకుడి ఉద్దేశం రెండోదే. మొత్తం అంకె ఎంత పెద్దదైనా, విభాగాల సంగతి తేల్చే పని దానివల్ల కాదు. శుభ్రం చేసిన ప్రతిలో ‘చూపించడం దానివల్ల కాదు’ అని కుండలీకరణంలో రాసుకుంటే తర్వాత తికమక ఉండదు. ‘వివక్ష లేదని కాదు’ అన్నది ఇంకా ప్రమాదకరం. క్యాప్షన్ వరుస ‘లేదని’ దగ్గర తెగి, ‘కాదు’ కింది వరుసలో పడితే కన్ను పై వరుసనే పట్టుకుంటుంది.

పూరక పదాలు తీసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. ‘ఆ’, ‘సరేనా’, ‘అర్థమైందా’ తీసేయొచ్చు. ‘కానీ’ని ముట్టుకోకూడదు. ‘అంటే’ను చూసి చూసి తీయాలి, ఎందుకంటే కొందరికి అది ఊతపదమే అయినా, ‘అంటే వివక్ష లేదని కాదు’లో అది తన వాదన హద్దును గీసే మాట. ‘బహుశా’, ‘ఈ అంకెలను బట్టి’ లాంటివి కూడా అలాంటివే.

పేర్లు, అంకెలు చివరగా సరిచూడాలి. ‘సింసన్ పేర డాక్స్’ అంటే సింప్సన్ పారడాక్స్ అని ఆ విషయం చదివినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. ‘ఏ డిపార్ట్‌మెంట్‌లో’ అన్నది అంత సులువుగా దొరకదు. పాఠ్యపుస్తకాల్లో బర్క్‌లీలోని ఆరు పెద్ద విభాగాలను ఇంగ్లీషు అక్షరాలతో సూచిస్తారు. ఇది ‘ఏ’ అనే పేరున్న విభాగం. కొటేషన్ లేకపోతే ‘ఏ విభాగంలోనైనా’ అన్నట్టు వినిపిస్తుంది. అంకెల్లో పొరపాటు పట్టడానికి ‘కానీ’ పనికొస్తుంది. అధ్యాపకుడు మొత్తంలో కనబడిన తేడా విభాగంలో తిరగబడిందని చూపబోతున్నాడు. అక్కడ ఇద్దరికీ 62 ఉంటే తిరగబడటం ఎక్కడుంది? బోర్డు చూస్తే ఆడవాళ్ళది 82 శాతం. ‘అరవై’, ‘ఎనభై’ తారుమారయ్యాయి. యంత్రం తనంతట తాను చుక్కలు, కామాలు పెట్టి ఇచ్చినా ఈ తప్పులు పోవు. చక్కటి చుక్కల మధ్య అవి ఇంకా నమ్మకంగా కనిపిస్తాయి.

ఇంత చేశాక నమూనా ఇలా మారుతుంది:

“మొత్తం చూస్తే మగవాళ్ళలో 44 శాతం, ఆడవాళ్ళలో 35 శాతం సీట్లు వచ్చాయి. మరి ఇది వివక్షా? ‘అంతే కదా, యూనివర్సిటీ ఆడవాళ్ళకి అన్యాయం చేసింది’ అని ఎవరైనా అంటారు. డిపార్ట్‌మెంట్ల వారీగా చూడండి. ‘ఏ’ డిపార్ట్‌మెంట్‌లో మగవాళ్ళకి 62, ఆడవాళ్ళకి 82. కానీ మొత్తంలో తేడా వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చింది? ఆడవాళ్ళు ఎక్కువగా సీటు కష్టమైన చోట అప్లై చేశారు. దీన్నే సింప్సన్ పారడాక్స్ అంటారు. అంటే వివక్ష లేదని కాదు. ఈ మొత్తం అంకె దాన్ని చూపించలేదు (చూపించడం దానివల్ల కాదు).”

ఇప్పుడు ప్రతి వాక్యం పక్కన దాని పని ఏమిటో ఒక్క మాటలో రాయవచ్చు. మొదటిది ఆధారం, రెండోది ప్రశ్న, మూడోది ఎదుటివాళ్ళ వాదన, ఆ తర్వాత ఎదురు ఆధారం, కారణం, పేరు, చివరి రెండూ తీర్పు. సారాంశానికి కావలసింది తీర్పు, దాన్ని నిలబెట్టిన ఆధారం, కారణం. అప్పుడు వచ్చే సారాంశం ఇంతే: ‘మొత్తం ప్రవేశాల శాతాన్ని బట్టి బర్క్‌లీలో వివక్ష జరిగిందని చెప్పలేం. విభాగాల వారీగా చూస్తే తేడా తిరగబడినచోట్లు కూడా ఉన్నాయి. మొత్తంలో తేడా రావడానికి కారణం ఆడవాళ్ళు ఎక్కువమంది ప్రవేశం కష్టమైన విభాగాలను ఎంచుకోవడం. అయితే వివక్ష అసలు లేదని ఈ అంకె రుజువు చేయదు.’

గంట పాఠాన్నంతా మళ్ళీ వినే తీరిక అందరికీ ఉండదు. కనీసం ‘అని’, ‘కాదు’, ‘లేదు’, ‘కానీ’ ఉన్నచోట్ల సమయం చూసుకుని, ఆ కొన్ని సెకన్లు విన్న తర్వాతే సారాంశంలో మొదటి వాక్యం రాయండి.