తేదీ అదే, ముహూర్తం అదే, హాలే మారింది

మంగళవారం మధ్యాహ్నం హాలు మేనేజరు ఫోన్ చేశాడు. వంటశాల మీద స్లాబు పెచ్చులూడి పడుతోందనీ, రిపేరు అయ్యేదాకా ఎవరికీ ఇవ్వలేననీ, అడ్వాన్సు వెనక్కి ఇచ్చేస్తాననీ చెప్పాడు. ఆదివారం ఉదయం 9:40కి మా అన్నయ్య షష్టిపూర్తి. రాజమండ్రి దేవీచౌక్ దగ్గర హాలు. నూట నలభై ఇళ్ళకి కార్డులు పంచేశాం. అదృష్టం బాగుండి ఆ సాయంత్రానికే మోరంపూడి జంక్షన్ దగ్గర ఇంకో హాలు దొరికింది. హాలు దొరకగానే గండం గట్టెక్కిందనుకున్నాం. గండం అప్పుడే మొదలైంది.

రాత్రి పదిన్నరకి అన్నయ్య కొడుకు ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. చదువుకున్న కుర్రాడు, పెద్దలకి రాస్తున్నాను కదా అని భాష కూడా పెద్దగానే వాడాడు. ‘అనివార్య కారణాల వల్ల, ఆదివారం జరగవలసిన మా నాన్నగారి షష్టిపూర్తి మహోత్సవ వేదికను మార్చడమైనదని తెలియజేయుటకు చింతిస్తున్నాము’ అని మొదలెట్టి, ఆ కింద మరో పదిహేను లైన్లు. పొద్దున లేచేసరికి అరవై రెండు మంది ఉన్న గ్రూపులో ఇరవై మూడు నమస్కారం బొమ్మలు, నాలుగు ‘ఓకే’లు, ఒక ‘జన్మదిన శుభాకాంక్షలు’ వచ్చాయి. అందరికీ చేరిందని వాడు మురిసిపోయాడు.

ఏడింటికి అమలాపురం మావయ్య ఫోన్. ‘ఎప్పటికి వాయిదా వేశార్రా?’

మావయ్య రిటైరైన హెడ్మాస్టరు. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. యాభై ఏళ్ళుగా ఆయన చదివిన పేపర్లలో ‘అనివార్య కారణాల వల్ల’ అన్న మాట తర్వాత వచ్చేది ‘వాయిదా’ లేదా ‘రద్దు’. మొదటి మూడు మాటలు చూడగానే మిగతాది ఆయన చదవలేదు, చదవకుండానే తెలిసిపోయింది. ఇంకో గంటకి కాకినాడ పిన్ని ఫోన్ చేసింది. ‘వేదిక మారిస్తే ఆ డెకరేషన్ వాళ్ళకి చెప్పుకోక, మాకెందుకురా అర్ధరాత్రి మెసేజీలు?’ ఆవిడ దృష్టిలో వేదిక అంటే పీటలు వేసే స్టేజి. ఆ మాటకి ‘ఫంక్షన్ జరిగే చోటు’ అన్న అర్థం ఈమధ్య కార్డుల్లో అలవాటైంది కానీ, ఆవిడ తరంలో లేదు. ‘చింతిస్తున్నాము’ చూసి దొడ్డమ్మ ఏమనుకుందో రాయకపోవడమే మంచిది.

అంటే ముగ్గురికీ మెసేజ్ చేరింది, ముగ్గురూ చూశారు, ఒక్కరికీ అందలేదు. నమస్కారం బొమ్మల సంగతీ అంతే. మన పెద్దవాళ్ళు గుడ్ మార్నింగ్‌కీ, దేవుడి ఫొటోకీ, చావు కబురుకీ కూడా అదే దండం పెడతారు. ‘నీ మెసేజ్ వచ్చింది నాయనా’ అని దానర్థం, ‘అర్థమైంది’ అని కాదు. రెండు నీలం టిక్కులనీ నమ్మలేం. మా పెద్దనాన్న ఫోన్ రోజంతా మనవడి చేతిలో ఉంటుంది. మెసేజ్ తెరిచింది వాడే.

బుధవారం పొద్దున కూర్చుని మళ్ళీ రాశాం. ఈసారి రాసేముందు మా వదిన ఒక ప్రశ్న వేసింది. ‘మారింది’ అని వినగానే పెద్దవాళ్ళకి ముందు వచ్చే అనుమానం ఏమిటి? ముహూర్తం మారిందా, ఫంక్షన్ ఆగిందా, ఇంట్లో ఏదైనా గొడవా? ఈ మూడూ తీరేదాకా ‘ఎక్కడ’ అన్నది వాళ్ళ చెవికెక్కదు. కాబట్టి మారనివి ముందు చెప్పి, మారింది తర్వాత చెప్పాలి. చివరికి తేలింది ఇది:

‘ఆదివారం నాన్నగారి షష్టిపూర్తి జరుగుతుంది.
తేదీ అదే. ముహూర్తం అదే, ఉదయం 9:40.
హాలు ఒక్కటే మారింది. పాత హాల్లో రిపేర్లు.
మోరంపూడి జంక్షన్ దగ్గర హాలుకి రండి.
దేవీచౌక్ హాలు దగ్గర మనవాళ్ళెవరూ ఉండరు.’

చివరి లైను మీద పెద్ద చర్చే జరిగింది. ‘దేవీచౌక్ హాలుకి వెళ్ళకండి’ అని రాద్దామన్నాను నేను. ‘శుభమా అని పిలుస్తూ వెళ్ళకండి అంటావేంటి’ అని అత్తయ్య అడ్డుపడింది. అసలు ఆ పేరే ఎత్తకపోతే సరిపోతుంది కదా అన్నాడు అన్నయ్య. అది కుదరదు. ఊళ్ళో ప్రతి రెండో కళ్యాణ మండపానికీ ఒకే దేవుడి పేరుంటుంది. మా పాత హాలూ వెంకటేశ్వరస్వామి పేరే, కొత్త హాలూ ఆయన పేరే. కొత్త పేరు మాత్రమే చెబితే, విన్నవాళ్ళు తమకి తెలిసిన హాలే అనుకుంటారు. పాతది కాదని ఒకసారి చెప్పి తీరాలి. అయితే ఒక్కసారే, అదీ కొత్త చోటు చెప్పిన తర్వాతే. పాతపేరు ముందుంటే, తెలిసిన మాట కనిపించింది కదా అని కన్ను అక్కడే ఆగిపోతుంది. ‘మనవాళ్ళెవరూ ఉండరు’ అన్నది అత్తయ్య ఇచ్చిన రాజీ. అందులో చిన్న అబద్ధం ఉంది, దాని సంగతి తర్వాత.

కారణం ఒక్క ముక్కలో చెప్పడం కూడా ఆవిడ సలహాయే. చెప్పకపోతే చుట్టాలు తలో కారణం చెప్పుకుంటారు, ఆ కబురు మన మెసేజ్ కంటే ముందు ఊరు దాటుతుంది.

ఫోన్ పరంగా చేసిన పనులు కొన్నే. పెద్దవాళ్ళ ఫోన్లలో అక్షరాలు పెద్దవిగా పెట్టి ఉంటాయి. పొడుగు మెసేజ్ సగంలో తెగి కింద ‘రీడ్ మోర్’ అని వస్తుంది, అది నొక్కాలని చాలామందికి తెలియదు. అందుకే అయిదు లైన్లు దాటనివ్వలేదు. కొత్త కార్డు బొమ్మ కూడా చేయించాం. మేనల్లుడు పాత డిజైన్లోనే హాలు పేరు మార్చి తెచ్చాడు. పసుపు రంగు, వినాయకుడు, ఎర్రటి అంచు, అచ్చం పాతదే. ‘ఇది వచ్చిందేగా’ అని ఎవరూ తెరవరు. తెల్లటి బొమ్మ మీద నల్లటి పెద్ద అక్షరాలతో మళ్ళీ చేయించాం. పాత లొకేషన్ చెరిపేద్దామంటే కుదరలేదు. వాట్సాప్‌లో అందరి ఫోన్లలోంచీ మెసేజ్ తీసేసే వీలు పంపిన రెండు రోజులు దాటి కొన్ని గంటల దాకే ఉంటుంది, మేం పెట్టి నెలయింది. ఉన్నా పెద్ద లాభం లేదు. ఎవరైనా వేరే చోటికి ఫార్వర్డ్ చేసిన కాపీ పోదు. అందుకని ఆ పాత లొకేషన్‌కే రిప్లై కొట్టి ‘ఇది కాదు’ అని రాసి, కొత్త మెసేజ్‌ని గ్రూపు పైన పిన్ చేశాం.

బాగా పనికొచ్చింది మాత్రం గ్రూపు పేరు మార్చడం. ‘మన కుటుంబం’ అని ఉన్నదాన్ని ‘మోరంపూడి హాలు, ఆదివారం’ అని మార్చాం. లోపలికి వెళ్ళి చదవకపోయినా, వాట్సాప్ తెరిచిన ప్రతిసారీ ఆ పేరు కంటబడుతుంది. ఫోన్లో పేరు చివర తెగిపోవచ్చు, కాబట్టి ఊరి పేరు ముందుండాలి.

ఇక అసలు పని, ఫోన్ చేసి చెప్పడం. నూట నలభై ఇళ్ళ జాబితాలో డెబ్బై దాటినవాళ్ళు ఉన్నవి ముప్పై ఒకటి. ఎవరు ఎవరికి చెయ్యాలన్నది తేల్చడానికి వదిన ఒకే లెక్క పెట్టింది: బొట్టు పెట్టి పిలిచినవాళ్ళే చెప్పాలి. పిల్లలకి అప్పజెబితే రెండు ఇబ్బందులు. తెలియని నంబరని పెద్దవాళ్ళు ఎత్తరు, ఎత్తినా ‘మీ అమ్మనోసారి చెయ్యమను’ అంటారు. మధ్యాహ్నం కునుకు వేళా, సాయంత్రం సీరియల్ వేళా వదిలేసి, పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య చేశాం.

‘అర్థమైందా పిన్నీ?’ అని అడగకూడదని రెండు ఫోన్లకే తెలిసొచ్చింది. మన ఇళ్ళల్లో ఆ ప్రశ్నకి ‘ఆఁ, అర్థమైంది’ తప్ప వేరే జవాబు లేదు. ‘బస్సు ఎక్కడ దిగుతారు?’ అని అడగాలి. రావులపాలెం బాబాయ్‌తో నా సంభాషణ ఇలా నడిచింది.

‘హాలు మారింది బాబాయ్. మోరంపూడి.’

‘ఆఁ ఆఁ, మా మనవడు చూపించాడు.’

‘మరి ఆదివారం ఎక్కడ దిగుతావు?’

‘ఎప్పుడూ దిగేదే, కాంప్లెక్సులో దిగి దేవీచౌక్‌కి ఆటో ఎక్కుతా.’

ఆయన హైవే మీద బస్సులో వస్తాడు. మోరంపూడి దారిలోనే తగులుతుంది. అక్కడే దిగిపోమంటే ‘మరి ఆ ముక్క ముందే చెప్పవేం’ అన్నాడు. అప్పుడర్థమైంది, చిరునామా అందరికీ ఒకటే అయినా దారి ఒకటి కాదు. కాంప్లెక్సులో దిగేవాళ్ళకి ఒకటి, కోటిపల్లి బస్టాండులో దిగేవాళ్ళకి ఒకటి, రైలు దిగేవాళ్ళకి ఒకటి. ఎవరి దారి వాళ్ళకి చెప్పి, దాన్ని వాళ్ళ నోటితోనే తిరిగి చెప్పించుకున్నాం. లొకేషన్ పనికొచ్చేది డ్రైవరుకి.

వినికిడి తగ్గిన ముగ్గురితో అరిచి చెప్పి భంగపడ్డాను. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి శబ్దాలు. గొంతు పెంచి అరిస్తే మాట మరింత చెదురుతుంది. గొంతు తగ్గించి, ఒక్కో మాటా విడగొట్టి చెబితే వినబడింది. అంకెలు మాత్రం ఫోన్లో చెప్పకూడదు. ‘ఇరవై’ చెబితే ‘అరవై’ వినబడుతుంది. వాళ్ళ పక్కింటివాళ్ళ చేత కాగితం మీద రాయించాం.

ప్రతి ఫోన్ చివరా ఇంకో పని చెప్పాం. గోడ మీదో, ఫ్రిజ్ మీదో, కేలండర్ మేకుకో ఉన్న కార్డు తీసి, హాలు పేరు కొట్టేసి, పక్కన పెన్నుతో మోరంపూడి అని రాసుకోమన్నాం. ఆదివారం పొద్దున బయల్దేరేముందు పెద్దవాళ్ళు ఫోన్ చూడరు, కార్డు చూస్తారు. శుభలేఖ మీద గీత గీయడమా అని దొడ్డమ్మ ఒప్పుకోలేదు. చిన్న కాగితం రాసి, అన్నం మెతుకుతో ఆ పేరు మీద అంటించింది.

ఇంత చేసినా దేవీచౌక్ హాలు గేటు దగ్గర ఆరున్నర నుంచీ ఇద్దరు కుర్రాళ్ళని, మాట్లాడిన ఒక ఆటోని, అన్నయ్య ఫొటో ఉన్న ఫ్లెక్సీని పెట్టాం. ఇదే ఆ అబద్ధం. అక్కడ మనుషులుంటారని ముందే చెబితే ‘అయితే అటే వెళ్దాం, వాళ్ళే తీసుకెళ్తారు’ అనేవాళ్ళు సగం మంది. ఆ ఇద్దరికీ ఒక్కటే చెప్పాం: దారి చెప్పి పంపకండి, ఎక్కించి పంపండి.

పదిన్నర దాకా అక్కడికి తొమ్మిది మంది వచ్చారు. అందులో ఎనిమిది మంది నలభై, యాభై ఏళ్ళవాళ్ళు, కార్లలో వచ్చినవాళ్ళు, ఎప్పుడో సేవ్ చేసుకున్న పాత లొకేషన్ పట్టుకుని. వాళ్ళకి మేం ఫోన్ చెయ్యలేదు. గ్రూపులో దండం పెట్టారు కదా అనుకున్నాం.

తొమ్మిదో మనిషి అమలాపురం మావయ్య. ఆయనకి అంతా తెలుసు, కార్డు మీద ఎర్ర పెన్నుతో దిద్దుకున్నాడు కూడా. అయినా ముందు దేవీచౌక్‌కే వచ్చాడు. ఎందుకని కుర్రాళ్ళు అడిగితే, ‘మనవాళ్ళెవరూ ఉండరని రాశారు కదరా, తెలియక వచ్చినవాళ్ళకి చెప్పేవాళ్ళు లేకపోతే ఎలా?’ అన్నాడట. ఆ గేటు దగ్గరే కుర్చీ వేయించుకుని, ముహూర్తానికి అరగంట ముందు దాకా కూర్చున్నాడు.