అనాథాశ్రమానికి కాదు, ఆ ఊరికి వెళ్లండి

అంకోర్‌వాట్ చూడటానికి కంబోడియా వెళ్లే విదేశీయుల్లో కొందరు అక్కడి అనాథాశ్రమాల్లో కొన్నాళ్లు సేవ చేసేవారు. పిల్లలకు ఇంగ్లిష్ పాఠాలు చెప్పి, విరాళమిచ్చి వచ్చేవారు. అయితే ఆ పిల్లల్లో సుమారు నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ వెల్లడించింది. చదువు చెప్పిస్తామంటూ పేద ఇళ్ల నుంచి తెచ్చిన పిల్లలు వాళ్లు. సందర్శకులు, డబ్బు పెరిగేకొద్దీ ఆశ్రమాలూ పెరిగాయి. వారానికో కొత్త ముఖానికి దగ్గరై, మళ్లీ దూరమవడం పిల్లల మనసును గాయపరుస్తుంది.

అలాంటి చోటును గుర్తుపట్టడం కష్టం కాదు. పూర్వాపరాలు విచారించకుండానే మిమ్మల్ని పిల్లల దగ్గరికి పంపిస్తారు. వచ్చినవారి ముందు పిల్లలతో డ్యాన్సులు చేయిస్తారు.

అదే దేశంలో కార్డమమ్ కొండల్లో చీఫాత్ అనే ఊరుంది. ఒకప్పుడు వేట, దొంగకలపే అక్కడ చాలామందికి బతుకుదెరువు. 2007లో వైల్డ్‌లైఫ్ అలయన్స్ తోడ్పాటుతో ఊరివాళ్లే పర్యాటకం మొదలుపెట్టారు. నాటి వేటగాళ్లలో కొందరు నేడు అడవి దారి చూపే గైడ్లు. అతిథులు గ్రామస్థుల ఇళ్లలో బస చేయవచ్చు. రాబడిలో కొంత ఊరి ఉమ్మడి నిధికి చేరుతుంది. అయితే వానాకాలంలో అతిథులు తగ్గుతారు కాబట్టి ఇదొక్కటే అందరినీ పోషించలేదు.

బయలుదేరే ముందు నిర్వాహకులను రెండు ప్రశ్నలు అడగండి: డబ్బు ఎవరికి చేరుతుంది? నేను చేసే పని స్థానికులు చేయలేనిదేనా? సూటిగా జవాబు రాకపోతే ఆ ప్రయాణం మానుకోండి.