స్టీలు గ్లాసు మీద ఒక అపవాదు

స్టీలు గ్లాసులో టీ తొందరగా చల్లారిపోతుందనీ, పింగాణీ కప్పులో చాలాసేపు వేడిగా ఉంటుందనీ మన ఇళ్లలో గట్టి నమ్మకం. స్టీలు వేడిని ఇట్టే లాగేస్తుంది కదా అంటారు. స్టీలు వేడిని వేగంగా పంపుతుందన్నది నిజమే. కానీ దానివల్ల టీ తొందరగా చల్లారుతుందన్నది మాత్రం చాలావరకు అపవాదు. మొదటి కొన్ని నిమిషాల్లో జరిగేది దీనికి దాదాపు తలకిందులు.

మనకు బాగా తెలిసిన మూడు పాత్రలు తీసుకుందాం. హైదరాబాద్ ఇరానీ హోటల్లో ఇచ్చే మందపాటి పింగాణీ కప్పు, బండి దగ్గర ఇచ్చే చిన్న గాజు గ్లాసు, ఇంట్లో ఉండే పలచని స్టీలు గ్లాసు. కప్పు బరువు 200 గ్రాములు, గాజు గ్లాసు 100, స్టీలు గ్లాసు 60 గ్రాములు అనుకుందాం. మూడూ గదిలో 28 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఒక్కోదాంట్లో 85 డిగ్రీల టీ 100 మిల్లీలీటర్లు పోశాం.

పోసిన వెంటనే టీ తన వేడిలో కొంత పాత్రకు ఇచ్చుకుంటుంది. ఎంత ఇస్తుందన్నది పాత్ర బరువు మీద, ఒక్కో గ్రాము వేడెక్కడానికి ఎంత వేడి కావాలన్న దాని మీద ఆధారపడుతుంది. ఒక గ్రాము స్టీలు వేడెక్కడానికి ఒక గ్రాము పింగాణీకి కావలసిన దాంట్లో సుమారు సగం వేడి చాలు. పైగా స్టీలు గ్లాసు పలచన. లెక్క కడితే స్టీలు గ్లాసులో టీ 81 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. గాజులో 76కు దిగుతుంది. పింగాణీలో ఏకంగా 68కి పడిపోతుంది. కప్పు పై అంచు పూర్తిగా వేడెక్కదు కాబట్టి నిజంగా కొలిస్తే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే కనిపించొచ్చు. అయినా తేడా తేడానే. టీ వేడిని మొదట మింగేసేది మనం మెచ్చుకునే ఆ బరువైన కప్పే.

ఆ తర్వాత మాత్రం పింగాణీకి మంచి రోజులు. మింగిన వేడి దాని గోడల్లోనే ఉంటుంది కాబట్టి టీ, కప్పు కలిసి నెమ్మదిగా చల్లారతాయి. బయటికి ఒకే మొత్తం వేడి పోయినప్పుడు స్టీలు గ్లాసులో టీ 4 డిగ్రీలు తగ్గితే, ఈ కప్పులో 3 డిగ్రీలే తగ్గుతుంది. కానీ అది వెనకబడి మొదలైంది. మామూలుగా తాగే అయిదారు నిమిషాల్లో స్టీలును దాటలేకపోవచ్చు. దీనికి మందు తేలిక. టీ పోసే ముందు కప్పులో మరిగిన నీళ్లు నింపి, అర నిమిషం ఉంచి, పారబోయాలి. కప్పు 60 డిగ్రీలకు వేడెక్కితే అందులో పోసిన టీ 68 దగ్గర కాకుండా 77 దాటి మొదలవుతుంది. పింగాణీ మీద ఇష్టం ఉన్నవాళ్లు ఈ ఒక్క పని మానకూడదని నా అభిప్రాయం.

మరి ఆ తర్వాత వేడి ఎటు పోతుంది? చాలామంది గోడల గుండా అనుకుంటారు. పాత్ర బయట అంటిపెట్టుకుని ఉండే గాలి పొర వేడికి పెద్ద అడ్డు. దాని ముందు కొన్ని మిల్లీమీటర్ల పింగాణీ గోడ వేసే అడ్డు లెక్కలోకి రాదు. అందుకే గోడ స్టీలైనా పింగాణీ అయినా అక్కడ పెద్ద తేడా పడదు. నిజానికి మెరిసే స్టీలు వేడిని కిరణాల రూపంలో వెదజల్లడం గాజు, పింగాణీల కన్నా బాగా తక్కువ. ఆ మేరకు స్టీలుకే లాభం.

మూత లేని కప్పులో వేడి ఎక్కువగా పోయే దారి పైన ఉంది. ఒక్క గ్రాము టీ ఆవిరైతే మిగిలిన 100 మిల్లీలీటర్లు అయిదు డిగ్రీలకు పైగా చల్లారతాయి. కాబట్టి పాత్ర దేనితో చేశారన్న దానికన్నా దాని మూతి ఎంత వెడల్పన్నది ముఖ్యం. ఆరు సెంటీమీటర్ల మూతి ఉన్న గ్లాసుతో పోలిస్తే తొమ్మిది సెంటీమీటర్ల కప్పులో గాలికి తెరుచుకున్న టీ రెట్టింపు కన్నా ఎక్కువ. ఇరానీ హోటల్లో పెద్దవాళ్లు సాసరులో ఒంపుకుని తాగడంలో ఉన్న కిటుకు ఇదే. పలచగా పరుచుకున్న టీ పైనుంచి ఆవిరి రూపంలో, కింద చల్లటి సాసరులోకి, రెండు వైపులా వేడిని వదులుకుంటుంది. డబరాలోకీ గ్లాసులోకీ కాఫీ తిరగబోసినా అంతే. సీలింగ్ ఫ్యాను కింద కూర్చుంటే ఆవిరి ఇంకా జోరుగా పోతుంది. అప్పుడు ఏ పాత్ర అన్నది పెద్ద విషయమే కాదు. మూత పెట్టామా లేదా అన్నదే విషయం.

ఇంతకీ స్టీలుకు ఆ చెడ్డపేరు ఎందుకొచ్చింది? వేళ్ల వల్ల, పెదవుల వల్ల. స్టీలు వేడిని గాజు కన్నా పది రెట్లకు పైగా వేగంగా పంపుతుంది. పాత్ర అంచు 75 డిగ్రీలు ఉంటే, పెదవి తాకిన క్షణంలో ఆ చోటు గాజు అంచు మీద సుమారు 56 దగ్గర, స్టీలు అంచు మీద 69 దగ్గర ఉంటుందని అంచనా. చర్మానికి 43 డిగ్రీలు దాటితేనే మంట మొదలవుతుంది. అందుకే అదే టీ గాజులో హాయిగానూ స్టీలులో చురుక్కుమనీ అనిపిస్తుంది. కాఫీ గ్లాసుకు అంచు బయటికి వంచి ఉండేది వేళ్లు పట్టుకోవడానికి వీలుగానే. పాతకాలపు మనుషులు పెదవి తగలకుండా ఎత్తి పోసుకుని తాగేవారు. అలా తాగేవాళ్లకు స్టీలు అంచుతో పేచీ లేదు.

పెదవి కాలుతుందని స్టీలు గ్లాసులో టీని చిన్న చిన్న గుక్కలుగా, గాలితో కలిపి జుర్రుతాం. పింగాణీలో నిండు గుక్క తాగుతాం. రుచిలో తేడా చాలావరకు ఇక్కడే పుడుతుంది. మంట ఎక్కువైతే నాలుక తీపినీ వగరునూ సరిగా పట్టదు. కాస్త చల్లారాక అదే టీలో చక్కెర ఎక్కువైనట్టు తోచేది అందుకే. ఆరోగ్యం మాట కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో, 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కాగలవని వర్గీకరించింది. మూతి కాలినా పట్టించుకోకుండా తాగే అలవాటు మంచిది కాదు.

స్టీలుకు లోహపు రుచి ఉంటుందనే మాట మరొకటి. లండన్ పరిశోధకులు రకరకాల లోహాల పూత వేసిన చెంచాలను మనుషుల నోట పెట్టి చూశారు. రాగి, జింకు చేదుగా, లోహపు రుచితో తగిలాయి. బంగారం, క్రోమియం దాదాపు ఏ రుచీ ఇవ్వలేదు. వంటింటి స్టీలు పైపొర క్రోమియం ఆక్సైడే. గ్లాసులో ఏదో వాసన వస్తోందంటే ఎక్కువసార్లు అది అంచు మడతలో ఇరుక్కున్న పాత పాలదో, సరిగా కడగని సబ్బుదో.

కంటి ప్రభావం కూడా తక్కువేం కాదు. 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో ఒకే కాఫీని తెల్ల కప్పులో, గాజు కప్పులో ఇస్తే, తెల్ల కప్పులోది ఎక్కువ ఘాటుగా, తక్కువ తియ్యగా ఉందన్నారు తాగినవాళ్లు. గోధుమరంగు కాఫీ తెలుపు పక్కన చిక్కగా కనిపించడమే కారణం కావచ్చని పరిశోధకుల ఊహ. మన ఇరానీ చాయ్‌కీ తెల్ల పింగాణీకీ కుదిరిన జోడీలో దీని వాటా కొంత ఉండే ఉంటుందని నాకనిపిస్తుంది.

పాత్ర వల్ల వచ్చే రుచి ఎంతో, వేడి వల్ల వచ్చేది ఎంతో ఇంట్లోనే విడదీసి చూడొచ్చు. వంటింటి థర్మామీటరు ఒకటి చాలు. మూడు పాత్రలనూ వేడినీళ్లతో వెచ్చబెట్టి, ఒకే గిన్నెలోంచి సమానంగా టీ పోసి, మూడూ 55 డిగ్రీలకు వచ్చేదాకా ఆగాలి. ఏది ముందు వస్తే దాన్ని ముందు రుచి చూడాలి. తాగేవారు కళ్లు మూసుకోవాలి. పాత్ర తాకకుండా ఇంకొకరు ఒకేలాంటి చెంచాతో అందించాలి. తర్వాత అదే టీని ఎవరి పాత్రలోంచి వారు మామూలుగా తాగాలి. చెంచాతో తేడా తెలియక, అంచు పెదవికి తగిలినప్పుడు తెలిసిందంటే, ఆ తేడా టీది కాదు, అంచుది.