రెండో బిడ్డకు పది శాతం తగ్గింపు: చేతికొచ్చేది ఎంత?

ఏప్రిల్, మే నెలల్లో ప్రైవేటు బడుల గోడల మీద, కరపత్రాల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: ‘అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు ఫీజులో 10 శాతం రాయితీ’. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆ మాటకు ఆశ పుడుతుంది. అయితే ఆ పది శాతం దేని మీద ఇస్తారో కరపత్రంలో ఉండదు. లెక్కంతా అక్కడే తేలుతుంది.

విజయవాడ శివార్లలో ఒక మామూలు ప్రైవేటు బడి అనుకుందాం. అక్క ఆరో తరగతి, తమ్ముడు రెండో తరగతి. ట్యూషన్ ఫీజు అక్కకు ఏడాదికి 48,000 రూపాయలు, తమ్ముడికి 36,000. బస్సుకు ఒక్కొక్కరికి నెలకు 1,800 చొప్పున పది నెలలకు 18,000. యూనిఫాం, బూట్లు, టై, బెల్టు కలిపి అక్కకు 4,500, తమ్ముడికి 3,800. పుస్తకాలు పక్కన పెట్టి ఇవన్నీ కూడితే ఇద్దరికీ 1,28,300 రూపాయలు.

పది శాతం అనగానే తండ్రి మనసులో పన్నెండు వేలకు పైగా తగ్గుతుందన్న లెక్క పడుతుంది. బడి ఇచ్చేది వేరు. సాధారణంగా రాయితీ చిన్నబిడ్డకే, అదీ ట్యూషన్ ఫీజు మీదే. బస్సుకు, యూనిఫాంకు వర్తించదు. అంటే 36,000 మీద పది శాతం, 3,600 రూపాయలు. ఇంటి మొత్తం ఖర్చులో అది మూడు శాతం కూడా కాదు. ఆ తగ్గింపు పోగా ఏడాదికి కట్టాల్సింది 1,24,700.

ఇక్కడ బస్సు సంగతి గట్టిగా పట్టించుకోవాలి. బడి నడిచేది సుమారు పది నెలలు. కొన్ని బడులు బస్సు ఫీజు పదకొండు నెలలకు, ఇంకొన్ని పన్నెండు నెలలకు వసూలు చేస్తాయి. మన లెక్కలో ఒక్క నెల పెరిగితే ఇద్దరికీ కలిపి 3,600. రాయితీగా ఇచ్చినదంతా ఆ ఒక్క నెలకే సరిపోయింది. అందుకే రాయితీ శాతం గురించి అడిగే ముందు బస్సుకు ఎన్ని నెలలు కట్టాలో అడగడం మేలు. మన స్టాపు దూరాన్ని ఏ శ్లాబులో వేశారో కూడా చూసుకోవాలి. ఒక అర కిలోమీటరు తేడాతో పై శ్లాబులోకి వెళ్లే ఇళ్లుంటాయి.

డబ్బు ఎప్పుడు కట్టాలన్నది మరో విషయం. ట్యూషన్ ఫీజును మూడు టర్ములుగా, జూన్‌లో 40 శాతం, అక్టోబరులో 30, జనవరిలో 30 చొప్పున తీసుకుంటారనుకుందాం. బస్సు ఫీజు మూడు సమాన వాయిదాలు. అప్పుడు జూన్‌లో ట్యూషన్‌కు 33,600, బస్సుకు 12,000, యూనిఫాంకు 8,300, మొత్తం 53,900 ఒకేసారి కావాలి. అక్టోబరులో 37,200 చాలు. రాయితీని చివరి టర్ములో చూపే బడి అయితే జనవరిలో 33,600. చేతిలో డబ్బు బొత్తిగా చాలని జూన్‌లో రాయితీ ఒక్క రూపాయి కూడా అక్కరకు రాదు. పైగా టర్ము ఫీజు గడువు దాటితే రాయితీ రద్దని నిబంధన పెట్టే చోట, అక్టోబరులో పది రోజులు ఆలస్యమైనా జనవరి తగ్గింపు పోతుంది. రాయితీని మొదటి టర్ములోనే తీసేయమని అడగండి. అడిగితే ఒప్పుకునే యాజమాన్యాలు ఉన్నాయి.

యూనిఫాం విషయంలో నిజమైన పొదుపు ఇంట్లోనే ఉంది. పెద్దవాళ్లకు పొట్టివైన చొక్కాలు చిన్నవాళ్లకు పనికొస్తాయి. రెండేళ్లకోసారి రంగో గళ్లో మార్చే బడిలో ఆ అవకాశం పోతుంది. చేరేముందు ఆ బడి పిల్లల తల్లిదండ్రులను అడిగితే డిజైన్ ఎన్నాళ్లకోసారి మారుతోందో తెలుస్తుంది.

రసీదు కూడా జాగ్రత్త. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవారికి ఇద్దరు పిల్లల వరకు ట్యూషన్ ఫీజుకు మినహాయింపు ఉంది, అది 1.5 లక్షల మొత్తం పరిమితిలోనే. బస్సు ఫీజు, డొనేషన్, డెవలప్‌మెంట్ ఫీజు అందులోకి రావు. అన్నీ కలిపి ఒకే అంకె వేసిన రసీదుతో ఇబ్బంది వస్తుంది. ట్యూషన్ ఫీజు విడిగా, బిడ్డ పేరుతో రాయించుకోవాలి.

అక్క పదో తరగతి పూర్తిచేసి వెళ్లిన ఏడాది నుంచి తమ్ముడికి రాయితీ ఉండదు. ఈలోగా ఏటా ఫీజు పెరుగుతుంది. ఇద్దరి ట్యూషన్ ఫీజు పది శాతం పెరిగితే భారం 8,400, రాయితీలో పెరిగేది 360 మాత్రమే. కాబట్టి మొదటి టర్ము కట్టే ముందే ఇద్దరి పేర్లతో, ఏది దేనికో విడివిడిగా, బస్సు నెలల సంఖ్యతో, రాయితీ షరతులతో ఏడాది మొత్తం ఫీజు కాగితం మీద రాసిమ్మని ఆఫీసులో అడగండి. నోటి మాట మీద డబ్బు కట్టకండి.