కాగితపు ప్లేటు చెప్పే సంగతి

ఒక కాగితపు ప్లేటు తీసుకొని పెన్నుతో మధ్యకు గీత గీయండి. ఒక సగాన్ని మళ్లీ రెండు భాగాలు చేయండి. గీత లేని పెద్ద సగం ఆకుకూరలకు, కూరగాయలకు, పండ్లకు. మిగిలిన రెండింటిలో ఒకటి అన్నం, రొట్టె, జొన్న, రాగి వంటి వాటికి. రెండవది పప్పు, గుడ్డు, చేప, మాంసం, పాలు, పెరుగుకు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా పళ్లెంలో ఇంచుమించు సగం కూరలు, పండ్లే.

ఇప్పుడు మీ పిల్లలు నిన్న తిన్నవాటిని చీటీల మీద వ్రాయించండి. గుప్పెడు తిన్నదానికి ఒక చీటీ. పదేళ్ల పాప ఒకతె ఇలా తిన్నదనుకుందాం: ఉదయం ఇడ్లీ, కారప్పొడి. మధ్యాహ్నం అన్నం, బంగాళాదుంప వేపుడు, పలుచని పప్పు. రాత్రి అన్నం, ఊరగాయ, మజ్జిగ.

ఇడ్లీలో మినపప్పు ఉన్నా బియ్యపు రవ్వే ఎక్కువ, కనుక అన్నం వైపు 2 చీటీలు. రెండు పూటల అన్నానికి 6. బంగాళాదుంపను చాలామంది కూరల సగంలో పెడతారు. కానీ అందులో ఉండేది ముఖ్యంగా పిండి పదార్థమే, కాబట్టి అదీ అన్నం వైపే. మొత్తం 9. పప్పు వైపు పప్పు, మజ్జిగ కలిసి 2. పెద్ద సగంలో ఒక్క చీటీ కూడా లేదు! ఊరగాయకు అసలు చోటే లేదు, అది ఉప్పూ నూనే గదా.

పాప కడుపు నిండింది. ఆడుకోవడానికి శక్తి వచ్చింది. కాని కండ పెరగడానికి కావలసిన మాంసకృత్తులు తక్కువ, రక్తానికి కావలసిన ఇనుము ఇంకా తక్కువ. ఇలా నెలల తరబడి సాగితే పాప త్వరగా అలసిపోతుంది, మెట్లెక్కితే ఆయాసపడుతుంది, క్రింది కనురెప్ప లోపలి భాగం పాలిపోయి కనిపిస్తుంది.

ఖర్చు పెద్దగా పెరగకుండానే ఆ సగాన్ని నింపవచ్చు. పప్పును గట్టిగా వండి అందులో తోటకూరో మునగాకో వేయండి. తినేముందు నిమ్మకాయ పిండండి. ఆకుకూరలోని ఇనుము మామూలుగా ఒంటికి కొద్దిగానే పడుతుంది, నిమ్మరసంలోని సి విటమిన్ దానిని ఎక్కువగా పట్టిస్తుంది. భోజనం కాగానే టీ ఇస్తే ఆ లాభం పోతుంది. సాయంత్రం ఒక జామకాయ, వీలైన రోజున ఒక గుడ్డు చాలు. ప్రతి పూటా కొలవనక్కరలేదు, రోజంతా కలిపి చూసుకోండి.

అయితే పాప ఇప్పటికే పాలిపోయి ఉంటే ప్లేటు సరిచేసి ఊరుకోవద్దు. రక్తపరీక్ష చేయించండి. ఈ వయస్సులో హిమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గితే అది రక్తహీనత. అప్పుడు డాక్టరుగారు ఐరన్ మందు ఇస్తారు, కడుపులో నులిపురుగులు ఉన్నాయేమో కూడా చూస్తారు.